పగ్గానికి బలం

మా చిన్నాడికి పదేళ్లు. ఆరు తీసివేతలు చేయడానికి వాడికి రెండు గంటలు పట్టేది. పెన్సిల్ చెక్కడానికి లేస్తాడు, వీధిలో కుక్క అరిస్తే బాల్కనీలోకి పరిగెడతాడు. అదే వీడియో గేమ్ అయితే పిలిచినా పలకడు. "కూర్చోగలడు, పొగరంతే" అనుకుని ఒకరోజు చెయ్యి చేసుకున్నాను కూడా.

పిల్లల మానసిక వైద్యురాలు రెండు మూడుసార్లు చూసి, బడి నుంచి కూడా వివరాలు తెప్పించుకుని, ఏడీహెచ్‌డీ అన్నారు. మిథైల్‌ఫెనిడేట్ రాస్తూ, అది ఉత్తేజం కలిగించే మందని చెప్పారు. "అసలే కుదురు లేనివాడికి ఇంకా ఉత్తేజమా డాక్టరుగారూ?" అని అడిగేశాను.

ఆవిడ ఓపిగ్గా చెప్పారు. నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, మెదడు లోపలుండే స్ట్రయేటమ్‌తో కలిసి "ఇది ముందు, అది తర్వాత" అని నిర్ణయిస్తుందట. అక్కడ నారడ్రినలిన్ కావలసిన కబురును గట్టిగా వినిపిస్తుంది, డోపమైన్ అక్కర్లేని గోలను తగ్గిస్తుంది. ఏడీహెచ్‌డీలో ఈ పట్టు బలహీనం. పైగా ఫలితం మీద ఆశ పుట్టించడంలోనూ డోపమైన్‌కి పాత్ర ఉంది. గేమ్‌లో ఫలితం క్షణక్షణం దొరుకుతుంది. తీసివేతలకి దొరికేది మర్నాడు టీచరు పెట్టే టిక్కు. అది పొగరు కాదని నాకప్పుడు అర్థమైంది.

నరాల కణాలు వదిలిన ఈ రెండు రసాయనాల్నీ మళ్లీ లోపలికి లాగేసుకుంటాయి. మందు ఆ దారిని కొంతసేపు మూస్తుంది, అవి బయట ఇంకాసేపు నిలుస్తాయి. బలం వచ్చేది పరుగుకి కాదు, పగ్గానికి.

ఉదయం టిఫిన్ తర్వాత 5 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5. ఒక్కో మాత్ర సుమారు నాలుగు గంటలు పనిచేసేది. లెక్కలు కాస్త నయమయ్యాయి, ఇంకొంచెం కుదురు కోసం పూటకి 10 చేశారు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నేను మురిసిపోయాను. నాలుగో రోజు మా అత్తగారు, "వీడేమిటే, బొమ్మలా కూర్చున్నాడు? నవ్వడం లేదు" అన్నారు. నిజమే, లంచ్ బాక్సు కూడా నిండుగా తిరిగొస్తోంది.

ఫోన్ చేస్తే డాక్టరుగారు వెంటనే తగ్గించారు. ఆ రసాయనాలు తక్కువైనా, మోతాదు మించినా ఆ భాగం సరిగా పనిచేయదట. పప్పులో ఉప్పులాగే! కుదురుగా కూర్చోవడం ఒక్కటే చూడకూడదనీ, పిల్లాడు వాడిలా ఉన్నాడో లేదో చూడాలనీ చెప్పారు. ఆకలి తగ్గించే మందు కాబట్టి ఎత్తు, బరువు, నాడి, బీపీ ఎప్పటికప్పుడు చూస్తున్నారు. నేను రాత్రి భోజనం గట్టిగా పెడుతున్నాను. పొద్దుపోయాక వేస్తే నిద్ర పట్టదని మూడో మాత్ర లేదు.

అందుకే సాయంత్రం ఆరుకి మందు దిగిపోయి ఉంటుంది, వాడు మళ్లీ పాత చిన్నాడే. రెండు లెక్కలు, ఒక టిక్కు, బాల్కనీలోకి ఓ పరుగు, మళ్లీ రెండు లెక్కలు. టిక్కు మర్నాటిదాకా ఆగకుండా నేనే పెడుతున్నాను. ఆ రోజు ఎత్తిన చెయ్యి ఇదే.