వెనక నుంచి తియ్యి

అప్పుడు నాది ఎనిమిదో తరగతి. వాన, కరెంటు లేదు, ఫోన్లో ఛార్జింగూ లేదు. తమ్ముడి ముంజేతి మీద వేడి చారు ఒలికింది. నేను టూత్‌పేస్ట్ తెస్తే నానమ్మ వద్దని, వాడి చెయ్యి కుళాయి కింద పెట్టింది. "ఇరవై నిమిషాలు నీళ్లు పడుతూనే ఉండాలి."

ఈలోగా బొబ్బ లేచింది. పక్కింటి అత్త సూదితో పొడిచేద్దాం అంది.

"ఆగండి. ఒరేయ్, అలమారలో ప్రథమ చికిత్స పుస్తకం తే."

నానమ్మకి కళ్లల్లో శుక్లాలు, చదవాల్సింది నేనే. టార్చి పట్టుకుని మొదటి పేజీ నుంచి తిప్పుతున్నా.

"అలా అయితే తెల్లారుతుంది. వెనక నుంచి తియ్యి. అక్కడ మాటలన్నీ అక్షరాల వరసలో ఉంటాయి."

నేను 'కాలడం' వెతికా. లేదు.

"నీ మాట వాళ్లు వాడకపోవచ్చు. ఇంకో మాట చూడు."

'బ'లో దొరికింది: "బొబ్బలు – 'కాలిన గాయాలు' చూడండి". మళ్లీ 'క'కి వెళ్లా. "కాలిన గాయాలు 47, 112–115".

47 తియ్యబోతే నానమ్మ ఆపింది. "ఒక్క అంకె ఉంటే తరచుగా ఊరికే ఓ ముక్క చెప్పి ఉంటారు. నడుమ గీత ఉన్నచోట వివరంగా ఉంటుంది, అది చూడు."

113లో ఉంది. బొబ్బ చిదమకూడదు, చర్మం చిరిగితే క్రిములు చేరతాయి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి డాక్టరుకి చూపించాలి.

గట్టిగా చదివా. అత్త సూదిని మళ్లీ దారపుండకి గుచ్చేసింది.