నోట్ ఫైలు, ఫెయిర్ కాపీ

ఆ రాజీనామా ఉత్తరం ఇప్పటికీ నా మెయిల్లో ఉంది. మొత్తం అయిదు వాక్యాలు. దానికి ముందు రాసిన నాలుగు పేజీలు మాత్రం లేవు. వాటిలో మొదటి వాక్యం గుర్తుంది: "తక్షణం ఈ ఉద్యోగం వదిలేస్తున్నాను, ఎందుకో మీకే బాగా తెలుసు." ఎలా ముగించానో ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. ఏడుస్తూ రాశాను కాబట్టి ఏడుపుతోనే ముగించి ఉంటాను.

2014 మే నెల. కూకట్‌పల్లిలో రెండు గదుల అద్దె ఇల్లు, ఎంత తిరిగినా చల్లబరచని ఫ్యాను. అంతకు ముందు నెలాఖరున మా సెటిల్‌మెంట్ జాబ్ మధ్యలో ఆగిపోయి, తిరిగి మొదలైనప్పుడు కొన్ని లావాదేవీలను రెండోసారి పోస్ట్ చేసింది. డబ్బు రెండుసార్లు కదిలిందన్న మాట. రాత్రంతా కూర్చుని ఏవి రెండు పడ్డాయో వెతికి సరిచేశాను. ఒకసారి పోస్టయిన నంబరును జాబ్ మళ్ళీ ముట్టుకోకుండా ఒక చెక్ పెట్టాను. క్లయింటుకు వెళ్ళిన మెయిల్లో మాత్రం వేరే ఒకతని పేరుంది. రెండు వారాలకు అప్రైజల్ వచ్చింది: 3. అంటే "ఆశించినంత చేసింది". "బెల్ కర్వ్‌లో ఇంకెవరినీ కింద పెట్టలేకపోయాం" అన్నాడు మా మేనేజరు, ఓదారుస్తున్నట్టు.

ఆ కోపానికి అయిదేళ్ళ పాత కోపాలన్నీ వచ్చి కలిశాయి. నాలుగు పేజీలు.

అప్పుడు నాన్న మా ఇంట్లోనే ఉన్నాడు. కంటి డాక్టరుకు చూపించుకోవాలని కర్నూలు నుంచి వచ్చాడు. తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాడు. జీవితమంతా ఉత్తరాలు డ్రాఫ్ట్ చేసిన మనిషి. స్క్రీను మీద చదవలేనంటే వీధి చివర నెట్ సెంటర్లో ప్రింటు తీయించాను. జూన్ ఒకటో తారీఖు రాత్రి. కొత్త రాష్ట్రం కోసం వీధిలో అప్పటికే టపాకాయలు పేలుతున్నాయి. "రేపట్నుంచి మీ ఇంటికి రావాలంటే ఇంకో రాష్ట్రానికి రావాల మ్మా" అని నవ్వాడు నాన్న. చాప మీద కూర్చుని, పెన్సిల్ చెక్కుకుని, చదవడం మొదలుపెట్టాడు.

మెచ్చుకుంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా ఇంగ్లీషు చూసి గర్వపడతాడనుకున్నాను.

"ఇది నోట్ ఫైలు మ్మా" అన్నాడు.

వాళ్ళ ఆఫీసులో ప్రతి ఫైలుకూ రెండు భాగాలు. కరెంట్ ఫైల్లో వచ్చిన ఉత్తరాలూ, పంపిన ఉత్తరాలూ ఉంటాయి. నోట్ ఫైల్లో ఆఫీసు తనలో తాను మాట్లాడుకుంటుంది. ఎవరు ఏమన్నారు, ఎందుకు కుదరదు, ఎవరి తప్పు, అంతా అక్కడే. బయటికి పోయేది ఫెయిర్ కాపీ ఒక్కటే. "నోట్ ఫైలు తీసి పార్టీకి పంపిస్తే సూపరింటెండెంటు నా చెవి మెలేసేవాడు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మరి జరిగింది ఎవరికీ తెలియక్కర్లేదా?" అన్నాను.

"నోరుంది కదా, ఎదురుగా కూర్చుని చెప్పు. కాగితం ఎవరి చేతికి పోతుందో నీకు తెలీదు."

తర్వాత పెన్సిల్ "తక్షణం" అన్న మాట మీద ఆగింది. "నీ అపాయింట్‌మెంట్ ఆర్డరు తీసుకురా." అందులో 90 రోజుల నోటీసు, లేకుంటే అన్ని రోజుల బేసిక్ వాళ్ళకు కట్టాలి అని ఉంది. నా బేసిక్ నెలకు 22 వేలు. తక్షణం పోతే 66 వేలు నేనే కట్టాలి. అంతటితో వదల్లేదు నాన్న, గ్రాట్యుటీ లెక్క తీశాడు. ఏడాదికి పదిహేను రోజుల బేసిక్, నెలను 26 రోజులుగా పట్టుకుని. నేను చేరింది 2009 ఫిబ్రవరి 16న. తక్షణం పోతే అయిదేళ్ళ మూడు నెలల చిల్లర, అంటే అయిదేళ్ళకే, 63 వేల చిల్లర వస్తుంది. నోటీసు పూర్తి చేస్తే పైన ఆరు నెలలు దాటుతుంది. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా కట్టాలి కాబట్టి ఆరేళ్ళకు 76 వేలు దాటుతుంది. ప్రింటు అంచులో కూడి చూపించాడు. నా ఒక్క మాట ఖరీదు 78 వేలకు పైగా.

ఆఖరి పనిదినం తారీఖు లెక్కలోనూ వాదన వచ్చింది. ఉత్తరం మూడో తారీఖు మంగళవారం ఇవ్వాలనుకున్నాం. నేను ఆ రోజును కూడా కలిపి ఆగస్టు 31 అన్నాను. ఇచ్చిన రోజు లెక్కలోకి రాదన్నాడు నాన్న. క్యాలెండర్ చూస్తే 31 ఆదివారం. సెప్టెంబర్ 1 అని రాశాం.

కృతజ్ఞతలు చెప్పే వాక్యం దగ్గర మళ్ళీ మొండికేశాను. "అబద్ధమైతే రాయొద్దు" అన్నాడు నాన్న. "ఏమీ నేర్చుకోలేదా అక్కడ?"

నేర్చుకున్నాను. వెబ్ పేజీ కూడా సరిగ్గా రాయడం రాకుండా చేరినదాన్ని.

ఉత్తరం ఇంగ్లీషులోనే పంపాను. తెలుగులో చెబితే ఇది:

"సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రంలోని 90 రోజుల నోటీసు ప్రకారం నా ఆఖరి పనిదినం 2014 సెప్టెంబర్ 1. ఈలోగా సెటిల్‌మెంట్ మాడ్యూల్ పనిని మీరు సూచించినవారికి పూర్తిగా అప్పగిస్తాను. ఇక్కడ నేర్చుకున్నదానికి మీకూ టీముకూ కృతజ్ఞతలు. రాజీనామా అందినట్టు దయచేసి తెలియజేయగలరు."

మా మేనేజరు ఫోన్లోనే చదివాడు. అర నిమిషం పట్టిందేమో. మీటింగ్ రూముకు పిలిచి "ఎందుకు?" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఆ రాత్రి సంగతి, మెయిల్లో పేరు సంగతి, గొంతు వణికినా అన్నీ చెప్పాను. అతను ఏమన్నాడో గుర్తు లేదు. వైట్‌బోర్డు డస్టరును అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయిన చెయ్యి మాత్రం కనిపిస్తోంది.

ఆఖర్లో హెచ్చార్ అమ్మాయి కూడా ఓపిగ్గా అంతా విని, పోర్టల్లో కారణం దగ్గర డ్రాప్‌డౌన్ తెరిచింది. "బెటర్ ఆపర్చునిటీ అని పెట్టనా మేడమ్?" అంది. పెట్టమన్నాను.

ఇప్పుడు వేరే కంపెనీలో ఆ డస్టరు వైపు కుర్చీ నాది. రేటింగుల మీటింగులో కూర్చుని, 4 ఇవ్వాల్సిన కుర్రాడికి 3 ఇచ్చి వచ్చాను ఒకసారి. అతనికి చెప్పడానికి వెతుక్కుంటే నోటికి వచ్చింది ఆ బెల్ కర్వ్ మాటే. నెల తిరక్కుండా అర్ధరాత్రి పొడుగాటి మెయిల్ వచ్చింది, తక్షణం అంటూ. పొద్దున్నే అతన్ని పిలిచి, ముందు అపాయింట్‌మెంట్ ఆర్డరు తెచ్చుకొమ్మన్నాను.

ఆ నాలుగు పేజీల్లో నాన్న పెన్సిల్ పెట్టకుండా చాలాసేపు ఆగిన చోటు ఒకటుంది, మూడో పేజీలో. జేజి పోయిన రోజు, శవం ఇంకా వసారాలో ఉండగానే, ప్రొడక్షన్ ఇష్యూ అని ఫోన్ వస్తే లాప్‌టాప్ తీసుకుని లోపలి గదిలో తలుపేసుకున్నానని అందులో రాశాను.

"ఆ పొద్దు నువ్వు గదిలో ఉండింది దీనికా?" అన్నాడు. "మా అమ్మను చూడలేక పోయి పడుకున్నావనుకుంటిని."

బయట టపాకాయలు ఆగలేదు. నాన్న అద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆ పేరా చుట్టూ పెన్సిల్‌తో ఒక గీత గీశాడు. కొట్టేయలేదు. "ఇది కూడా వద్దులే మ్మా" అని పేజీ తిప్పాడు.