885 రూపాయల లేట్ ఫీజు, రెండు ఉత్తరాలు



ఈసారి మిరప గురించి కాదు, క్రెడిట్ కార్డు గురించి రాస్తున్నా. మనందరి దగ్గరా ఉండే కిసాన్ కార్డు వేరు, ఇది వేరు. రెండేళ్ళ క్రితం మిరపకాయలు అమ్మిన డబ్బులో 50 వేలు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేస్తే, దాని మీద నాకో క్రెడిట్ కార్డు ఇచ్చారు. మందులు, పైపులు, మోటారు రిపేరు దాంతో కానిచ్చి, గడువులోగా మొత్తం కట్టేసేవాణ్ణి. మొత్తం కట్టినన్నాళ్ళూ ఒక్క రూపాయి వడ్డీ పడలేదు. మన ఊళ్ళల్లో కూడా ఈ కార్డులు వచ్చేశాయి కాబట్టి నాకు జరిగింది మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

పోయిన అక్టోబరు 8 సాయంత్రం, చేలో గట్టు మీద గడ్డి కోస్తుంటే మా ఇంటావిణ్ణి రక్తపింజర కరిచింది. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో రక్తం తీసి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు చూశారు. గడ్డకట్టలేదు. విషం ఎక్కిందని మందు పెట్టి, కిడ్నీలు కూడా దెబ్బతినేట్టున్నాయని రాత్రికి రాత్రే గుంటూరు పంపారు. అక్కడ పది రోజులు. రెండుసార్లు డయాలసిస్ చేశారు. కార్డు బిల్లు కోసం ఖాతాలో ఉంచిన 14 వేలు మొదటి రాత్రే అంబులెన్సుకీ, డిపాజిట్‌కీ అయిపోయాయి. కార్డు గడువు అక్టోబరు 10. ఆ రోజు ఫోనుకి మెసేజ్ వచ్చింది, చూశాను కూడా. ఆవిడకు ఆ పూటే మొదటి డయాలసిస్. ఫోను జేబులో పెట్టుకున్నా, మళ్ళీ తీయలేదు.

18న ఇంటికొచ్చాం. బావమరిది దగ్గర చేబదులు తీసుకుని 20న 14 వేలూ కట్టేశా. 22న కొత్త బిల్లు వచ్చింది. 1,728 రూపాయలు. దాంట్లో ఏముందో మీకు విడదీసి చెప్తా, ఎందుకంటే ఇది తెలియకే నేను మొదట తప్పుగా అడిగాను.

లేట్ ఫీజు 750. దాని మీద 18 శాతం జీఎస్టీ 135. రెండూ కలిపి 885. ఇది మా బ్యాంకు పట్టిక ప్రకారం. ఒక్కో బ్యాంకుకి ఒక్కోలా ఉంటుంది, బాకీ పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుంది.

మిగతా 843 వడ్డీ, దాని జీఎస్టీ. పది రోజుల ఆలస్యానికి అంత వడ్డీ ఏంటని నాకూ అర్థం కాలేదు. గడువు తప్పితే వడ్డీ గడువు రోజు నుంచి లెక్క కట్టరు, మనం కొన్న రోజు నుంచి కడతారు. నేను సెప్టెంబరు 1న మోటారుకి 9 వేలు, 14న మందులకి 5 వేలు వాడా. మొదటిదానికి 49 రోజులు, రెండోదానికి 36 రోజులు. రేటు నూటికి నెలకి మూడున్నర రూపాయలు, అంటే ఏడాదికి 42. మన పంట రుణం సంవత్సరానికి 7 శాతం, వేళకి కడితే ఇంకా తక్కువ. ఊళ్ళో మూడు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం. ఇది దానికన్నా ఎక్కువ.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది గానీ, "సార్, సిస్టమ్‌లో అవకాశం లేదు" అని పెట్టేసింది. కోపమొచ్చి ఆ రాత్రే రెండు పేజీల ఉత్తరం రాశా. పాము, ఆసుపత్రి, వాన, తెగులు, రేటు లేకపోవడం, అన్నీ రాశా. చివర్లో "నా మీద అన్యాయంగా వేసిన ఛార్జీల విషయంలో న్యాయం చేయండి" అని రాశా. పక్కింటి డిగ్రీ కుర్రాడు దాన్ని ఇంగ్లీషులో పెట్టి మెయిల్ చేశాడు. ఐదు రోజులకి జవాబొచ్చింది, రెండే వాక్యాలు. "పరిశీలించాము. ఛార్జీలు నిబంధనల ప్రకారమే ఉన్నాయి."

ఆ జవాబుని రెండు మూడుసార్లు చదివాక తప్పు నాదేనని తెలిసింది. నేను అన్యాయం అన్నాను. వాళ్ళు అన్యాయమా కాదా అని చూశారు. కాదు. గడువు 10, కట్టింది 20. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం గడువు దాటి మూడు రోజుల కన్నా ఎక్కువైతేనే లేట్ ఫీజు వేయాలి. నాది పది రోజులు. ఫీజు సరిగ్గానే పడింది. అంటే నేను చేయాల్సింది ఫిర్యాదు కాదు, విన్నపం. తప్పుగా పడిన ఫీజు తీసెయ్యమనడం హక్కు. సరిగ్గా పడిన ఫీజు వదిలెయ్యమనడం వాళ్ళ దయ. ఈ రెంటినీ ఒకే ఉత్తరంలో కలిపితే రెండూ పోతాయి.

ఇక్కడ నాకు మనసు అడ్డం పడింది. మాఫీ అనే మాట రాయబుద్ధి కాలేదు. రైతు అంటే ఎప్పుడూ మాఫీ కోసం కాచుక్కూర్చుంటాడని టౌన్లో జనం అనే మాట మీరూ విన్నారు. 885 రూపాయల కోసం ఆ మాట పడాలా అని వదిలేద్దామనుకున్నా. మా ఇంటావిడ మంచం మీద నుంచే అంది: "రెండేళ్ళు వేళకి కట్టినోడివి. ఒక్కసారి ఎందుకు తప్పిందో చెప్పుకోడానికి సిగ్గెందుకయ్యా? ఏడవకుండా చెప్పు, సరిపోతుంది." ఆ మాట పట్టుకుని రెండో ఉత్తరం రాశా.

ముందు చేసిన పని, ఆ 1,728 పూర్తిగా కట్టేయడం. మాఫీ తేలేదాకా ఆపుదాం అనుకుంటే, ఈలోపు ఆ బిల్లు గడువు కూడా దాటి ఇంకో లేట్ ఫీజు పడుతుంది. మాఫీ అయితే ఆ డబ్బు కార్డులోకే తిరిగి జమ అవుతుంది. బాకీ లేని మనిషి అడిగే తీరు వేరు.

తర్వాత ఇదీ ఉత్తరం, తెలుగులో నేను రాసుకున్నది:

"నా కార్డు చివరి నాలుగు అంకెలు ఇవి. అక్టోబరు 10న కట్టాల్సిన 14,000 రూపాయలు అక్టోబరు 20న పూర్తిగా కట్టాను. ఆలస్యం జరిగింది, ఛార్జీ తప్పని నేను అనడం లేదు. అక్టోబరు 8న నా భార్యను పాము కరవడంతో 18వ తేదీ వరకు ఆసుపత్రిలో ఉంది. దగ్గర ఉండి చూసుకున్నది నేనొక్కణ్ణే. కార్డు తీసుకున్న రెండేళ్ళలో ఇంతకు ముందు ఒక్క గడువు కూడా తప్పలేదు. ఈ ఒక్కసారికి లేట్ ఫీజు 750, దానిపై జీఎస్టీ 135 మాఫీ చేయమని కోరుతున్నాను. వీలైతే వడ్డీ కూడా పరిశీలించగలరు. కొత్త బిల్లు 1,728 కూడా కట్టేశాను. డిశ్చార్జి కాగితం, కట్టిన రసీదులు జత చేశాను. నిర్ణయం రాతపూర్వకంగా తెలపగలరు."

అంతే. ఇందులో ప్రతి వాక్యం వాళ్ళు తమ రికార్డులో సరిచూసుకోగలిగినదే. గడువు తేదీ ఆసుపత్రిలో చేరిన తేదీకీ, బయటికొచ్చిన తేదీకీ మధ్యలో పడిందని కాగితమే చెప్తుంది. బయటికొచ్చిన రెండు రోజులకే కట్టానని రసీదు చెప్తుంది. డిశ్చార్జి అయిన నెల తర్వాత కట్టి ఉంటే ఈ ఉత్తరానికి బలం ఉండేది కాదు. వాన సంగతి, రేటు సంగతి రాయలేదు. అవీ నిజాలే గానీ ఈ ఆలస్యానికి కారణం అవి కాదు.

డిశ్చార్జి కాగితంలో పేరు, తేదీలు, ఆసుపత్రి ముద్ర ఉన్న మొదటి పేజీ ఒక్కటే పంపా. ఆధార్ నంబరు మీద కాగితం ముక్క పెట్టి ఫొటో తీశా. టెస్టుల రిపోర్టులు వాళ్ళకి అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. మెయిల్ అడ్రసు, ఫోన్ నంబరు మీ బిల్లు మీద అచ్చేసినవే వాడండి. గూగుల్‌లో వెతికితే దొంగ నంబర్లు వస్తాయి. "ఫీజు మాఫీ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరన్నా అడిగితే వాడు దొంగే. మాఫీకి ఓటీపీ, పిన్, కార్డు వెనక మూడంకెలు అవసరం లేదు.

తొమ్మిదో రోజు జవాబొచ్చింది. 885 మాఫీ చేశారు, తర్వాతి బిల్లులో జమగా కనిపించింది. వడ్డీ 843 మాత్రం వీలు కాదన్నారు. మళ్ళీ అడగలేదు. ఫీజు వదిలినా ఆలస్యం జరిగిన మాట రికార్డులోంచి చెరిగిపోదు. అందుకే నా క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుని చూసుకోవాలనుకుంటున్నా. ఒక్కో సంస్థ ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి.

వాళ్ళు కాదంటే ఏం చేయాలి? మీది విన్నపమే అయితే బిల్లు మీదున్న పై అధికారికి అదే ఉత్తరం ఇంకోసారి పంపి చూడండి. అక్కడితో సరి. దయ చూపలేదని రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ బలవంతం చేయడు. కానీ గడువు దాటి రెండో రోజే కట్టినా ఫీజు పడిందనుకోండి, అది హక్కు విషయం. బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు. పైసా ఖర్చు లేదు.

నాకు ఇప్పుడు తెలిసిందొకటి ఆ రోజు తెలిస్తే బాగుండేది. బిల్లు మీద మినిమం అని ఒక అంకె ఉంటుంది. నాది 700. గడువులోగా అదొక్కటి కట్టినా వడ్డీ పడేది గానీ లేట్ ఫీజు పడేది కాదు. ఆ 700 బావమరిది ఫోన్లోంచి కట్టేసేవాడు, అడగాలని తట్టలేదు. ఇప్పుడు ఖాతాలోంచి మినిమం దానంతటదే పోయేట్టు బ్యాంకులో రాసిచ్చా. దానికి సరిపడా వెయ్యి రూపాయలు ఖాతాలో ఎప్పుడూ ఉంచుతున్నా.

ఇంటావిడ కాలి వాపు తగ్గింది. కిడ్నీ పరీక్ష ఈ నెల కూడా బాగానే వచ్చింది. గడ్డికి వెళ్తానంటే మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు కొనిచ్చా. ఈసారి రొక్కం ఇచ్చే కొన్నా.