చిల్లర తీసుకోని వజ్రం

డిగ్రీలో ఐన్‌స్టీన్ విశిష్టోష్ణ సిద్ధాంతం మాకు పది మార్కుల ప్రశ్న. డెరివేషన్ రాసేసి, చివర్లో ‘ఉష్ణోగ్రత సున్నాకి వెళ్తే విశిష్టోష్ణం కూడా సున్నాకి వెళ్తుంది’ అని ఒక వాక్యం పెట్టి, కింద రెండు గీతలు గీసేవాళ్ళం. ఆ ఫార్ములాని ఐన్‌స్టీన్ ఒక వజ్రం మీద పరీక్షించాడని ఏ గైడులోనూ లేదు. చాలా ఏళ్ళకి 1907 నాటి ఆ వ్యాసం చదివి, అందులోని చిన్న పట్టిక చూశాకే ఆ సున్నా మీద నాకు ఆసక్తి పుట్టింది.

అసలు గొడవ 1819లో మొదలైంది. ఘనరూపంలో ఉన్న మూలకం ఏదైనా, ఒక మోల్ తీసుకుని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే దాదాపు ఆరు క్యాలరీలు కావాలని డ్యూలాంగ్, పెటీ గమనించారు. రాగి, వెండి, సీసం అన్నీ మాట విన్నాయి. తర్వాత దానికి వివరణా దొరికింది. ప్రతి పరమాణువూ తన చోటే ఉండి మూడు దిశల్లో కంపిస్తుంది, ప్రతి కంపనానికీ ఉష్ణోగ్రతను బట్టి సమానంగా వాటా అందుతుంది. ఈ లెక్కలో పరమాణువు ఏ జాతిదన్న ప్రశ్నే లేదు.

వజ్రం మాత్రం మాట వినలేదు. మామూలు గది వేడిలో దానికి ఒకటిన్నర క్యాలరీ చాలు. హైన్రిష్ వెబర్ 1870లలో దాన్ని చల్లబరిచీ, కాల్చీ కొలిచాడు. సున్నాకి యాభై డిగ్రీల సెల్సియస్ కింద 0.76 క్యాలరీ వచ్చింది, వెయ్యికి దగ్గర్లో 5.5 వచ్చింది. ఈ వెబరే తర్వాత జూరిక్‌లో ఐన్‌స్టీన్‌కి పాఠాలు చెప్పాడు. ఇద్దరికీ అస్సలు పడలేదు. అయినా శిష్యుడి పట్టికలో ఉన్నవి ఆ గురువు అంకెలే.

బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఐన్‌స్టీన్ ఒకే ఒక్క ఊహ చేశాడు. కాంతి విషయంలో ప్లాంక్ చెప్పినట్టే పరమాణువు కూడా శక్తిని మెట్లు మెట్లుగానే తీసుకుంటుంది, కంపనం ఎంత వేగమైతే మెట్టు అంత ఎత్తు. ఇది నాకు అర్థమైంది దుకాణం లెక్కలో. ఆ దుకాణంలో ప్రతి వస్తువూ ఐదు వందలే, బేరం లేదు, చిల్లరకి ఏదీ రాదు. వచ్చేవాళ్ళ దగ్గర సగటున నూట పది రూపాయలున్నాయి. ఏ కొద్దిమంది దగ్గరో ఐదు వందలుంటాయి కాబట్టి కాస్త వ్యాపారం జరుగుతుంది. సగటు పది రూపాయలకి పడిపోయిందనుకోండి. అప్పుడు తలా ఒక రూపాయి ఎక్కువిచ్చినా అమ్మకం కదలదు. విశిష్టోష్ణం అడిగేది సరిగ్గా ఇదే: ఉష్ణోగ్రత ఇంకొక్క డిగ్రీ పెరిగితే లోపలికి వెళ్ళే శక్తి ఎంత?

సీసం పరమాణువు బరువైనది, దాని బంధాలు మెత్తన. మెల్లగా ఊగుతుంది కాబట్టి దాని దుకాణంలో అన్నీ ఐదు, పది రూపాయల సరుకులే. కార్బన్ తేలిక, వజ్రంలో దాని నాలుగు బంధాలూ మహా బిరుసు. వెబర్ కొలతల్లో ఒక్కదాన్ని ఆధారం చేసుకుని ఐన్‌స్టీన్ వజ్రం మెట్టు ఎత్తుని ఉష్ణోగ్రతగా లెక్క కట్టాడు: 1320 కెల్విన్లు. మన గది ఉష్ణోగ్రత 293. అంటే మెట్టు నాలుగున్నర రెట్లు ఎత్తు. లెక్క వేస్తే తొంభై కంపనాల్లో సుమారు ఒక్కటే మొదటి మెట్టెక్కి ఉంటుంది, మిగతావన్నీ అట్టడుగునే. మన చేతిలో వెచ్చగా ఉన్న ఉంగరంలోని రాయి, దాని లెక్కలో, అప్పటికే గడ్డకట్టుకుపోయి ఉందన్నమాట.

‘పరమశూన్యం దగ్గర అంతా ఆగిపోతుంది’ అనే మాట నాకు నచ్చనిది అందుకే. విశిష్టోష్ణం కదలికను కొలవదు. అట్టడుగు మెట్టు మీదున్న పరమాణువు కూడా నిశ్చలంగా ఉండదని తర్వాతి క్వాంటమ్ సిద్ధాంతం చెప్పింది. ఆగిపోయేది పై మెట్టుకి ఎక్కడం.

అయితే ఆ పట్టికలోనే ఒక తేడా ఉంది. 331 కెల్విన్ల దగ్గర ఫార్ములా 1.83 ఇస్తుంది, కొలిస్తే 1.84 వచ్చింది. 222 దగ్గర ఫార్ములా 0.56 అంటుంది, కొలత మాత్రం 0.76. చల్లబడే కొద్దీ ఫార్ములా తొందరపడుతోంది. బెర్లిన్‌లో నెర్న్‌స్ట్ బృందం ఇంకా లోతుకి వెళ్ళి వేరే పదార్థాల్ని కొలిచింది. విశిష్టోష్ణం సున్నా వైపే పడుతోంది గానీ ఐన్‌స్టీన్ చెప్పినంత వేగంగా కాదు.

కారణం ఏమిటంటే, పరమాణువులు ఎవరికి వారు ఊగవు. ఒకటి కదిలితే పక్కదాన్ని లాగుతుంది. వేల పరమాణువులు కలిసి ఒక పొడవాటి అలగా ఊగినప్పుడు ఆ ఊపు చాలా నెమ్మది, కాబట్టి దాని మెట్టూ పొట్టిదే. దుకాణంలో ఓ మూల రూపాయి చాక్లెట్లు కూడా ఉన్నాయన్నమాట. 1912లో డిబై ఈ అలలన్నీ లెక్కలోకి తెచ్చాడు. బాగా చలిలో ఉష్ణోగ్రత సగమైతే విశిష్టోష్ణం ఎనిమిదో వంతు అవుతుందని తేలింది. ఐన్‌స్టీన్ లెక్కలో అది అంతకంటే ఎన్నో రెట్లు పడిపోవాలి.

నెర్న్‌స్ట్ కొలిచిన పద్ధతి నాకు ఈ కథలో మరీ ఇష్టం. పదార్థాన్ని శూన్యంలో వేలాడదీసి, దానికి ప్లాటినం తీగ చుట్టి, అందులోంచి కొంచెం విద్యుత్తు పంపేవాడు. వేడి చేసేదీ ఆ తీగే, నిరోధం ఎంత మారిందో చూపి ఉష్ణోగ్రత చెప్పేదీ ఆ తీగే. చలి పెరిగే కొద్దీ అదే చిటికెడు వేడికి ముల్లు మరింత ఎక్కువగా కదులుతుంది. అందుకే బయటి నుంచి తీగల వెంట పాకి వచ్చే ఏ కాస్త వెచ్చదనమైనా అక్కడ లెక్కని తారుమారు చేస్తుంది.