తగ్గిన ఇన్సులిన్

మా చెల్లెలికి 12వ ఏట నుంచి టైప్ 1 మధుమేహం ఉన్నది. 30వ ఏట ఇన్సులిన్ ఎంత తగ్గించినా చక్కెర పడిపోసాగింది. వ్యాధి నయమవుతున్నదని మేము సంతోషించాము. రమజాన్ మాసంలో ఆమె నీరసాన్ని ఉపవాసాల అలసట అనుకున్నాము. అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడటాన్ని, ఉప్పు కోసం ఆమె పడే ఆరాటాన్ని పట్టించుకోలేదు. ఇంతలో థైరాయిడ్ లోపం బయటపడింది. మాత్రలు మొదలైన కొద్ది రోజులకే వాంతులతో కుప్పకూలింది.

శరీర రక్షణ వ్యవస్థే క్లోమాన్ని, థైరాయిడ్‌ను, చివరకు మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులను కూడా దెబ్బతీసిందని వైద్యులు తేల్చారు. అడ్రినల్ గ్రంథులిచ్చే కార్టిసాల్ తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది. థైరాయిడ్ మాత్ర మిగిలిన కార్టిసాల్‌ను మరింత త్వరగా ఖర్చు చేస్తుంది. అందుకే ముందుగా హైడ్రోకార్టిసోన్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి.

ఈ ధోరణి కుటుంబాలలో నడుస్తుంది గనుక తోబుట్టువులమంతా పరీక్షలు చేయించుకున్నాము. అన్నయ్య రక్తంలో 21-హైడ్రాక్సిలేజ్ యాంటీబాడీలు కనిపించాయి. ఉదయపు కార్టిసాల్ మాత్రం సరిగానే ఉన్నది. యాంటీబాడీ ఉండటం ముందస్తు హెచ్చరికే గాని వ్యాధి కాదు. ఆయన ఇప్పుడు మందులేమీ వాడటం లేదు. ఏటా ఉదయం రక్తపరీక్ష చేయించుకుంటున్నారు. చెల్లెలి విషయంలో మేము గమనించని గుర్తులన్నీ ఆయనకు తెలుసు.