ఎర్ర లైటు వెలిగాక నడిపిన ఏడు కిలోమీటర్లు

పోస్టు కొంచెం పెద్దదే. ఇంట్లో ఆటో గానీ పికప్ గానీ ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి. మా ఇంట్లో జరిగింది రాస్తున్నాం.

మా అన్నయ్య లోను మీద పికప్ కొన్నాడు. సంతలకి అల్లం, పసుపు వేస్తాడు, వచ్చేటప్పుడు కిరాణా సామాను తెస్తాడు. మా హాస్టల్ ఖర్చులూ, పరీక్ష ఫీజులూ ఆ బండి మీదే నడుస్తున్నాయి. కొని ఇంకా రెండేళ్లు కాలేదు, వారంటీ ఉంది. ఇన్సూరెన్స్ కూడా థర్డ్ పార్టీ ఒక్కటే కాదు, బండికి దెబ్బ తగిలితే డబ్బులొచ్చే ఫుల్ ప్యాకేజీ.

మొన్న వానాకాలం మాడుగుల వైపు నుంచి పాడేరు ఘాట్ ఎక్కుతున్నాం. సాయంత్రం, వాన. మలుపులో కొండమీంచి జారిన రాయి ఉంది. తప్పించేలోపే కింద దబ్బుమని తగిలింది. బండి మామూలుగానే నడుస్తోంది. కాసేపటికి మీటర్ దగ్గర నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగింది. అన్నయ్య బండి ఆపబోయాడు. మాకు మర్నాడు పొద్దున్న పరీక్ష. "ఊరు దగ్గరే కదా అన్నా, పోనీ" అన్నాం. ఆ మాట అన్నది మేమే, అందుకే ఈ పోస్టు కూడా మేమే రాస్తున్నాం.

సుమారు ఏడు కిలోమీటర్లు పోయాం. ముందు టకటకమని శబ్దం, తర్వాత పికప్ లాగలేదు, ఆ తర్వాత ఇంజన్ పట్టేసింది.

ఆ లైటు నూనె తగ్గిందని మాత్రమే చెప్పదు. ఇంజన్ లోపల నూనె ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. క్రాంక్ షాఫ్ట్, బేరింగులు ఒకదాన్నొకటి నేరుగా తాకకుండా మధ్యలో పల్చని నూనె పొర ఉంటుంది. ఒత్తిడి లేకపోతే ఆ పొర పోతుంది, ఇనుముని ఇనుము రాస్తుంది. బరువుతో ఘాట్ ఎక్కుతున్న బండికి అలా కొన్ని నిమిషాలు చాలు. రాయి తగిలి మా బండి సంపు, అంటే కింద నూనె ఉండే తొట్టి, పగిలింది. దారిపొడవునా నూనె కారిపోయింది.

బండిని షోరూం వర్క్‌షాప్‌కి చేర్చాక ఎస్టిమేట్ ఇచ్చారు. సంపు, గాస్కెట్, నూనె, కూలీ కలిపి పదకొండు వేలు. ఇంజన్ పని లక్షా పద్దెనిమిది వేలు. వెంటనే ఆపి ఉంటే మొదటి లెక్కతోనే పోయేది.

వారంటీలో చేయమని అడిగాం. వారంటీ కంపెనీ తయారీలో వచ్చిన లోపానికే గానీ రాయి తగిలినదానికి కాదన్నారు. అది న్యాయమే. "పోనీ నూనె పంపే చెడిపోయి లైటు వెలిగి ఉంటే?" అని అడిగాం. అప్పుడు పంపు వారంటీలో వస్తుందట. కానీ లైటు చూసి కూడా నడిపినందువల్ల పాడైన ఇంజన్‌ని నిర్లక్ష్యం కింద తోసేయొచ్చట. బండితో ఇచ్చే పుస్తకంలో ఆ లైటు వెలిగితే వెంటనే ఇంజన్ ఆపమని రాసే ఉంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా మేం తియ్యలేదు.

ఇన్సూరెన్స్ వాళ్లు ముందు మొత్తం క్లెయిమే కుదరదన్నారు. "మెకానికల్ బ్రేక్‌డౌన్" అని ఒక్క ముక్క రాశారు. పాలసీ కాగితం హాస్టల్‌కి తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు రాత్రులు చదివాం. మాకు పనికొచ్చినవి అందులో రెండు మాటలు.

మొదటిది, బయటి నుంచి తగిలిన దెబ్బకి డబ్బులిస్తారు, బండి దానంతట అది చెడిపోతే ఇవ్వరు. రాయి తగలడం బయటి దెబ్బే. రెండోది, ప్రమాదం జరిగాక రిపేరు చేయించకుండా నడిపితే, ఆ నడపడం వల్ల పెరిగిన నష్టం పూర్తిగా ఓనరుదే.

అంటే మా నష్టం ఒకటి కాదు, రెండు. పగిలిన సంపు ఒకటి, పట్టేసిన ఇంజన్ ఇంకొకటి. మొదటిది కంపెనీ ఇవ్వాలి, రెండోది మేం అడగలేం. అదే విడదీసి ఉత్తరం రాశాం. పగిలిన సంపు ఫోటో, దారిలో రాయి ఫోటో జత చేశాం. ఆ తర్వాత సంపు వరకు ఒప్పుకున్నారు. మేం భరించాల్సిన భాగం పోగా ఏడు వేల ఎనిమిది వందలు వచ్చాయి. ఇంజన్ డబ్బు అప్పు తెచ్చి కట్టాం.

సర్వేయరు అడిగిన మొదటి ప్రశ్న "లైటు వెలిగాక ఎంత దూరం నడిపారు?" అనే. వెలగలేదని చెప్పమని ఒకాయన సలహా ఇచ్చాడు. అన్నయ్య ఉన్నదే చెప్పాడు. అదే మంచిదైంది. ఇప్పటి బండ్ల కంప్యూటర్లో అలాంటి కోడ్లు నిలిచిపోవచ్చు, అరిగిన బేరింగులు కూడా చెబుతాయి. అబద్ధం బయటపడితే సంపు డబ్బులు కూడా పోయేవి.

ఇంజన్ ప్రొటెక్షన్ అని అదనంగా కట్టే కవర్ ఉంటుంది. నూనె కారి ఇంజన్ లోపల పాడైతే కొన్ని పాలసీల్లో అది పనికొస్తుంది. అందులో కూడా కారడం తెలిశాక నడపకూడదనే షరతు ఉండొచ్చు. తీసుకునే ముందు ఆ లైను చదివించుకోండి. మా పాలసీలో అది లేదు.

మన ఘాట్లలో సిగ్నల్ ఉండదు, మెకానిక్ ఉండడు. మరి ఆపి ఏం చెయ్యాలి? తాళం తిప్పగానే అన్ని లైట్లూ వెలుగుతాయి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి, దానికి భయం లేదు. నడుస్తుండగా ఎర్రది వెలిగితేనే భయం. పసుపు లైటు అయితే త్వరలో చూపించమని, ఎర్రది అయితే ఇప్పుడే ఆపమని. మలుపు కాని చోట పక్కకి తీసి ఇంజన్ ఆపండి. చక్రాల కింద రాళ్లు పెట్టండి, హజార్డ్ లైట్లు వెయ్యండి. కిందికి వంగి నూనె కారుతోందేమో చూడండి. కారుతుంటే నూనె పోసి మళ్లీ స్టార్ట్ చెయ్యొద్దు. మీటర్లో కిలోమీటర్లు కనిపించేలా లైటుని, తగిలిన రాయిని, రోడ్డు మీద నూనెని ఫోటో తియ్యండి. సిగ్నల్ దొరకగానే పాలసీ మీద ఉన్న నంబరుకి చెప్పండి. సర్వేయరు చూడకముందు ఏదీ విప్పించొద్దు. ఇంజన్ ఆపిన బండిని తాడు కట్టి ఘాట్ దింపించొద్దు, ఇంజన్ లేకపోతే బ్రేక్ తొక్కడం చాలా గట్టిగా అవుతుంది. బండిని దగ్గర్లోని వర్క్‌షాప్‌కి చేర్చే ఖర్చు కూడా కొంత పరిమితి వరకు పాలసీలో వస్తుంది. బండిని గాలికొదిలేసి పోవద్దు, ఒకరైనా దగ్గరుండాలి.

క్లెయిమ్ కాదంటే నోటిమాట ఒప్పుకోవద్దు, కారణం కాగితం మీద అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెల దాటినా జవాబు రాకపోతే, వచ్చినా న్యాయం కాకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, ఫీజు లేదు.

ఆ రాత్రి చివరికి ఊరికి నడిచే వెళ్లాం. పరీక్ష కూడా రాయలేకపోయాం. బండి ఆపి ఉన్నా అంతే నడిచేవాళ్లం. ఇప్పుడు అన్నయ్య పుస్తకం కవరు తీసి డాష్‌బోర్డులో పెట్టాడు. నూనె డబ్బా బొమ్మ ఉన్న పేజీ మేమే మడిచి ఉంచాం.