సర్టిఫికెట్ వచ్చింది, క్రెడిట్ రాలేదు

స్వయం, ఎన్‌పీటెల్ కోర్సుల సర్టిఫికెట్లకు విలువ ఉందా అని చాలామంది అడుగుతున్నారు. మేం ముగ్గురం ఒకసారి దెబ్బతిని, రెండోసారి సరిగ్గా చేశాం కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాం.

మాది అరకు వైపు, చదివేది కింద మైదానంలో ఒక డిగ్రీ కాలేజీలో. మొదటిసారి తీసుకున్నది ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల డేటాబేస్ కోర్సు, 8 వారాలది. పాఠాలు వినడానికి పైసా కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం పరీక్ష ఫీజు 1000 రూపాయలు. మనకు కుల ధ్రువపత్రం అప్‌లోడ్ చేస్తే సగమే, అంటే 500. సెలవుల్లో ఊళ్లో ఉన్నప్పుడు సిగ్నల్ కోసం గుట్టెక్కి అసైన్‌మెంట్లు పెట్టాం. పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు. విశాఖలో సెంటర్‌కు వెళ్లి, గుర్తింపు కార్డు చూపించి రాయాలి. ఈ సర్టిఫికెట్‌కు కాస్త బరువు రావడానికి కారణం ఇదే. వీడియోలు చూసేస్తే వచ్చే కాగితం వేరు, ఇన్విజిలేటర్ ముందు రాస్తే వచ్చేది వేరు.

మార్కుల లెక్క దగ్గర మాలో ఒకడు దెబ్బతిన్నాడు. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. వాడికి అసైన్‌మెంట్లలో 18, పరీక్షలో 27 వచ్చాయి. మొత్తం 45 కదా, 40 దాటింది, పాసే అనుకున్నాం. కాదు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30, రెండూ విడివిడిగా రావాలి. మూడు మార్కులతో పోయింది. ఇంట్లో అడిగి తెచ్చుకున్న ఫీజు, బస్సు చార్జీలు అన్నీ పోయాయి.

పాసైన మా ఇద్దరం సర్టిఫికెట్లు పట్టుకుని కాలేజీకి వెళ్లాం. మా డేటాబేస్ పేపర్ బదులు వేస్తారనుకున్నాం. అక్కడ రెండు మాటలు చెప్పారు. ఒకటి, 8 వారాల కోర్సుకు 2 క్రెడిట్లే, మా పేపర్ అంతకంటే ఎక్కువ క్రెడిట్లది. రెండు, సెమిస్టర్ మొదట్లో పర్మిషన్ తీసుకోలేదు, కాలేజీ ఒప్పుకున్న జాబితాలో ఆ కోర్సు లేదు. చేసేదేం లేక అదే సబ్జెక్టు మళ్లీ క్లాసులో కూర్చుని చదివాం. ఉద్యోగానికి రెజ్యూమేలో రాసుకోవచ్చు, నిజమే. కానీ డిగ్రీ లెక్కలో అది సున్నా.

రెండోసారి ముందే కాలేజీలో అడిగాం. ఈ సెమిస్టర్‌కు ఏ కోర్సులు ఒప్పుకుంటారు, మా పేపర్లలో దేనికి బదులు వేస్తారు అని దరఖాస్తు పెట్టి, సంతకం ఉన్న కాపీ దాచుకున్నాం. 12 వారాల కోర్సు తీసుకున్నాం, దానికి 3 క్రెడిట్లు. మా ఎలక్టివ్‌కు సరిగ్గా సరిపోయింది.

తర్వాత క్రెడిట్లు దాచే చోటు. దాన్ని అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అంటారు. డిజిలాకర్ ద్వారా 12 అంకెల నంబర్ ఒకటి వస్తుంది. ఇక్కడ మన పిల్లలకు వచ్చే చిక్కు పేరు. ఆధార్‌లో ఒకలా, టెన్త్ మెమోలో ఇంకోలా ఉంటుంది, ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక. పరీక్ష ఫారంలో ఏ పేరు కొడితే సర్టిఫికెట్ మీద అదే పడుతుంది, తర్వాత మార్చరు. కాబట్టి ఆధార్ ముందే సరిచేయించుకుని ఫారం నింపండి.

ఇలా పోగైన క్రెడిట్లు పెద్ద చదువుగా మారతాయా? మారతాయి, కానీ ఒక హద్దు ఉంది. కొత్త విధానంలో మొదటి ఏడాది 40 క్రెడిట్లు పూర్తిచేసి ఆగినా యూజీ సర్టిఫికెట్ ఉంటుంది, 80కి డిప్లొమా, 120కి మూడేళ్ల డిగ్రీ. దాచిన క్రెడిట్లు ఏడేళ్ల వరకు చెల్లుతాయి. ఇంట్లో ఇబ్బంది వచ్చి మధ్యలో చదువు ఆపే మనవాళ్లకు అసలు ఉపయోగం ఇక్కడే, తిరిగి వచ్చినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. అయితే 3 క్రెడిట్ల కోర్సులు పద్నాలుగు చేసి, 42 క్రెడిట్లు అయ్యాయి సర్టిఫికెట్ ఇవ్వండి అంటే ఎవరూ ఇవ్వరు. ఏదో ఒక కాలేజీలో చేరి ఉండాలి. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో స్వయం కోర్సులు 40 శాతం దాటకూడదు. మిగతాది క్లాసులోనే.

మొదటిసారి తప్పిన మావాడు కూడా ఈసారి పాసయ్యాడు. పరీక్షలో 41. ఫలితం చూసి వాడు ముందు చూసుకున్నది మొత్తం కాదు, ఆ 41నే.

మీ కాలేజీలో ఈ సెమిస్టర్ జాబితా వచ్చి ఉంటే కింద పెట్టండి. అదే యూనివర్సిటీ కింద ఉన్న మనవాళ్లకు పనికొస్తుంది.